అలలక్క లెక్క

ఆమెకు అలలక్క అనే పేరు పెట్టింది చదివేవాళ్లే. క్రిప్టో కాయిన్ల ధరలు ఎక్కుతూ దిగుతూ గీసుకుపోయే గీతను చూసి, అందులో అలలు లెక్కపెట్టి, ఏది ఎన్నో అలో అంకెలు వేసి, రోజూ పొద్దున ఒక పేజీ నోటు రాయడం ఆమె ఉద్యోగం. చందా కట్టి ఆ నోటు చదివేవాళ్లు "అక్కా, ఇప్పుడు మనం ఎన్నో అలలో ఉన్నాం?" అని అడిగేవారు. అడిగీ అడిగీ అక్క కాస్తా అలలక్క అయింది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆఫీసంటే కళ్లజోళ్ల షాపు మీద రెండు గదులు. కింద అద్దాలు అరగదీసే మిషను గీ మని మోగుతుంటే పైన బల్లలు సన్నగా వణికేవి. ముందు గదిలో ఎడిటరు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. వెనక గదిలో కిటికీ పక్కన అలలక్క. ఆమెకు అంతకుముందు ఇరవై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసే కంపెనీలో డ్రాఫ్టింగ్ పని. గీత ఎక్కడ వంగిందో, ఎక్కడ విరిగిందో ఆ కళ్లకు ఇట్టే తెలిసిపోయేది. ఈ ఉద్యోగం ఇచ్చింది ఆ కళ్లే.

ఎలియట్ అనే పెద్దాయన ఎప్పుడో చెప్పిన పద్ధతి అది. మార్కెట్ ఒక దారి పట్టిందంటే ఆ దారిన అయిదు అలల్లో నడుస్తుంది. ఒకటి, మూడు, అయిదు ముందుకి. మధ్యలో రెండు, నాలుగు వెనక్కి. ఆ దారికి ఎదురు తిరిగినప్పుడు మాత్రం మామూలుగా ఎ, బి, సి అని మూడు అలల్లో వస్తుంది. తప్పకూడని నియమాలు మూడే. రెండో అల, ఒకటో అల మొదలైన చోటు దాటి వెనక్కి పోకూడదు. ముందుకి నడిచే మూడింటిలో మూడో అల అన్నిటికంటే పొట్టిది కాకూడదు. నాలుగో అల, ఒకటో అల ఎక్కిన ఎత్తులోకి మళ్లీ దిగకూడదు. ఈ ఆఖరిదానికి కూడా ఒకటి రెండు చోట్ల మినహాయింపు ఉంది. వినడానికి ఇంతే. చిక్కంతా ఆ తర్వాతే. ఒకటో అల ఎక్కడ మొదలైందని అనుకోవాలి? ఇది పెద్ద అలా, పెద్ద అల కడుపులో ఉన్న చిన్న అలా? అది చెప్పే నియమం లేదు. అక్కడ చూసేవాడి కన్ను తీర్పు చెబుతుంది. కంటి వెనక వాడి ఆశ కూర్చుని ఉంటుంది.

ఒకసారి ఎడిటరుకి అనుమానం వచ్చి, ఒకే చార్టును ఆ కుర్రాళ్లకూ అలలక్కకూ ముగ్గురికీ ఇచ్చి ఒకరిది ఒకరు చూడకుండా లెక్కపెట్టమన్నాడు. ఉన్నవి రెండు గదులే కాబట్టి మూడో మనిషి మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది. ముగ్గురి దగ్గరా కలిపి నాలుగు లెక్కలు తేలాయి. అలలక్క ఒక్కతే రెండిచ్చింది. దేంట్లోనూ నియమం తప్పలేదు.

"మరి వీటిలో నిజమేదమ్మా?" అన్నాడు ఎడిటరు తల పట్టుకుని.

"అది ధర చెప్పాలి సార్. ఏ లెక్క ఎక్కడ చస్తుందో మనం ముందే చెప్పగలం. అంతకు మించి చేతిలో ఏం లేదు."

అందుకే ఆమె నోటులో ఎప్పుడూ మూడు భాగాలు ఉండేవి. మొదటి లెక్క. అది కాకపోతే రెండో లెక్క. ఆ కింద, ధర ఫలానా చోటు దాటితే నా మొదటి లెక్క తప్పు అని ఒక వాక్యం. చదివేవాళ్లలో చాలామంది మొదటి భాగం చదివి ఫోను మూసేసేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా మూడోది రాయకుండా ఒక్కరోజూ వదల్లేదు.

ఆమెకు లోకంలో ఉన్నది ఒక్క తమ్ముడు. తండ్రి ముందే పోయాడు. తల్లి పోయేనాటికి వాడు నాలుగో క్లాసు. వాడికి జ్వరం వస్తే సెలవు పెట్టేది, వాడి ఫీజు కోసం ఆదివారాలు కూడా ప్లాన్లు గీసేది. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో "వీడు ఒడ్డున పడనీయండి" అనేది. వాడు ఒడ్డున పడేసరికి ఆ మాట ఎత్తేవాళ్లు లేరు. దాని గురించి ఆమె ఎవరి దగ్గరా నిట్టూర్చింది లేదు.

తమ్ముడు కట్టుడు పళ్లు చేసేవాడు. పళ్ల డాక్టర్లు పంపే అచ్చులు చూసి, మైనంతో పన్ను చెక్కి, దాన్ని పింగాణీలోకి మార్చే ల్యాబులో పని. వాడి చేతిలో తయారైన పన్ను నోట్లో పెట్టుకుంటే నాలుకకు కూడా తేడా తెలిసేది కాదని డాక్టర్లే అనేవారు. సొంత ల్యాబు పెట్టుకోవాలని వాడికి ఎప్పటినుంచో కోరిక. చిన్న పిల్లల బడిలో పాఠాలు చెప్పే భార్యా, వాడూ కలిసి ఒక్కో రూపాయీ కూడబెట్టారు. ఒక గది చూసుకుని, పింగాణీ కాల్చే కొలిమికి అడ్వాన్సు కూడా ఇచ్చారు.

అలల మీద వాడికి మోజు పుట్టింది అక్క వంటింట్లోనే. ఆదివారం మధ్యాహ్నాలు భార్యాభర్తలు వచ్చేవారు. మరదలు నడుం వాల్చితే అక్కాతమ్ముళ్లు బల్ల దగ్గర చార్టు పరుచుకుని కూర్చునేవారు. వాడి బుర్ర చురుకు. పంటి మీది గాడి కంటే సన్నని వంపు కూడా వాడి కంటికి దొరికేది. "ఇది మూడు కాదక్కా, చూడు, ఇందులో అయిదు లేవు, మూడే ఉన్నాయి" అని వేలు పెట్టి చూపిస్తే ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "అవున్రోయ్" అనేది. ఆ మాటకు వాడి ముఖం నాలుగో క్లాసు ముఖం అయిపోయేది. ఆమె జీవితంలో అంత కడుపు నిండిన మధ్యాహ్నాలు మళ్లీ లేవు.

మొదట్లో వాడు వేసిన లెక్కలు వరసగా ఫలించాయి. చిన్న చిన్న మొత్తాలే పెట్టాడు, చిన్న చిన్న లాభాలే వచ్చాయి. అక్క భయపడింది అప్పుడే. "నీ లెక్క ఒక్కసారైనా తప్పాలిరా, అదీ త్వరగా" అంది. మరదలు నవ్వి, "అదేం దీవెన వదినా" అంది.

ఆ తప్పు రావలసిన చార్టు ఒక ఆదివారమే బల్ల మీదికి వచ్చింది. ఓ మోస్తరు కాయిన్. అట్టడుగు నుంచి లేచి ఒక ఎత్తు ఎక్కింది. కాస్త దిగింది. తర్వాత పొడుగ్గా, నిటారుగా ఎక్కింది. ఇప్పుడు మళ్లీ జారుతూ ఒక చోట తచ్చాడుతోంది. తమ్ముడు పెన్సిలు తీసుకుని ఒకటి, రెండు, మూడు అని వేశాడు. జారినచోట నాలుగు వేశాడు.

"నాలుగు అయిపోవచ్చింది. ఇక అయిదో అల. కొత్త ఎత్తుకి పోతుంది."

అక్క ఇంకో కాగితం మీద అదే చార్టుకి ఎ, బి, సి అని వేసింది. "నాకు ఇది మూడు కాళ్ల ఎక్కుడులా ఉంది. పెద్ద పతనం మధ్యలో ఊపిరి పీల్చుకుంది, అంతే. ఎక్కడం అయిపోయింది. ఇక మొదలైన చోటికంటే కిందికి పోతుంది."

"ఒక్క బొమ్మకి ఇన్ని అర్థాలేమిటి?" అంది అప్పుడే లేచి వచ్చిన మరదలు.

"మొదటి మూడు కాళ్లూ రెండింట్లోనూ ఒక్కలాగే ఉంటాయమ్మా. ఒకటి, రెండు, మూడు అన్నా సరే, ఎ, బి, సి అన్నా సరే. తేడా నాలుగో కాలు చెప్పాలి."

"నాది తప్పా అక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆమె చాలాసేపు చూసింది. వాడి లెక్కలో ఏ నియమమూ విరగలేదు. "తప్పని చెప్పలేను" అంది.

ఆ మాటను ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో. తప్పని చెప్పలేను అంటే ఒప్పని కాదు. ఇంకా బతికే ఉందని, అంతే. ఆమె ఒక అర్థంతో అంది, వాడు ఇంకో అర్థంతో విన్నాడు.

అయినా జాగ్రత్తలు చెప్పకపోలేదు. వాడిచేత పెన్సిలు పట్టించి, ఒకటో అల శిఖరం దగ్గర అడ్డగీత గీయించింది. "ధర ఈ గీత కిందికి వస్తే నీ నాలుగో అల నాలుగో అల కాదు. లెక్క చచ్చినట్టే. ఏమీ ఆలోచించకుండా బయటికి వచ్చెయ్. పెట్టేది కూడా పోయినా నవ్వుకోగలిగినంతే పెట్టు. అప్పు తీసుకుని మాత్రం ఆడకు."

"సరేలే అక్కా."

"ఏ ఎక్స్‌ఛేంజి చార్టు చూస్తావో అది కూడా ఇప్పుడే అనుకో."

"అన్నీ ఒకటేగా" అన్నాడు వాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

అన్నీ ఒకటి కావు. ఈ కాయిన్లకు పొద్దూ రాత్రీ లేదు, సెలవు లేదు, అందరికీ కలిపి ఒకే అంగడీ లేదు. ఒక్కో ఎక్స్‌ఛేంజిలో ధర పిసరంత తేడాగా నడుస్తుంది. ఆ వారంలోనే ధర గబుక్కున కిందికి పడి వెంటనే లేచింది. అక్క చూసే చార్టులో అది గీతను దాటి కిందికి గుచ్చుకుంది. ఆమె ఆఫీసు నుంచే ఫోన్ చేసింది.

"దాటిందిరా. బయటికొచ్చావా?"

"నా ఎక్స్‌ఛేంజిలో దాటలేదక్కా. వెంట్రుకవాసి పైనే ఆగింది."

"అందుకే ముందే అనుకోమన్నాను."

"ముందే అనుకున్నా ఇదే అనుకునేవాణ్ణి. నేను కొన్నది ఇందులోనేగా."

రాయిలా ఉంటుందనుకున్న నియమం కూడా ఎవరి కిటికీలోంచి చూస్తే వాళ్లకు ఒక్కోలా కనబడింది.

రెండు మూడు రోజుల్లో ఆ వాదన అవసరం కూడా తీరిపోయింది. ధర ఏ ఎక్స్‌ఛేంజిలో చూసినా గీత కిందికి దిగి అక్కడే కూర్చుంది. సాయంత్రం తమ్ముడు తనంతట తనే వచ్చాడు. దిగులుగా వస్తాడనుకుంటే కళ్లు మెరుస్తూ వచ్చాడు. కొత్త కాగితం బల్ల మీద పరిచాడు.

"మనం పొరబడ్డాం అక్కా. పొడుగ్గా ఎక్కింది మూడో అల మొత్తం కాదు. మూడో అల లోపలి మొదటి చిన్న అల. ఇప్పుడు దిగేది లోపలి రెండోది. అంటే అసలు మూడో అల ఇంకా ముందుంది. మొదట అనుకున్నదానికంటే ఎక్కువ పోతుంది."

ఆమె చూసింది. ఇందులోనూ నియమం తప్పలేదు. లోపలి రెండో అల అనుకుంటే, ఆ పొడుగాటి ఎక్కుడు మొదలైన చోటు దాకా దిగినా లెక్క బతికే ఉంటుంది. చావు గీత మాత్రం చాలా కిందికి జరిగింది.

"గీత గీసింది ఎందుకురా? జరుపుకోవడానికా?"

"లెక్క మారితే గీత మారదా? నువ్వు కూడా నోటులో మారుస్తావుగా."

"మారుస్తాను. ముందు బయటికొచ్చి, తర్వాత మారుస్తాను. లోపల కూర్చుని మారిస్తే అది లెక్క కాదు. భయం."

వాడి ముఖం వాడిపోయింది. "నీ లెక్క నిజం కావాలని నీకు ఎందుకంత పంతం?" అన్నాడు.

"పంతం కాదు" అంది ఆమె. అన్న వెంటనే, కొంచెం ఉందేమోనని కూడా అనిపించింది.

వాడు ఆ రోజు చెప్పనిది ఇంకొకటి ఉంది. కొలిమి కోసం దాచిన డబ్బంతా అప్పటికే అందులో ఉంది. అదీ మామూలుగా కొని పెట్టుకోవడం కాదు. ఎక్స్‌ఛేంజి దగ్గరే అప్పు తీసుకుని, చేతిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు కొన్నాడు. అలా కొంటే ధర కొంత దిగేసరికే, నీ లెక్క చచ్చిందా బతికిందా అని ఎవరూ అడగరు. ఎక్స్‌ఛేంజే అమ్మేసి తన అప్పు తాను తీసుకుంటుంది. లిక్విడేషన్ అంటారు దాన్ని. వాడి చావు గీత ఎక్కడో కింద ఉంటే, వాడి డబ్బు చచ్చే చోటు దానికంటే చాలా పైన ఉంది.

మరుసటి వారం మధ్యాహ్నం వాడు ఆఫీసుకి వచ్చాడు. ల్యాబు ఏప్రాన్ కూడా విప్పలేదు, మోచేతుల దాకా తెల్లటి పొడి. పైకి రాకుండా మెట్ల మీద నిలబడి ఫోన్ చేసి పిలిచాడు. అప్పుడు చెప్పాడు అంతా, గోడకేసి చూస్తూ.

"ఇంకొంచెం డబ్బు వేస్తే నిలబడుతుందక్కా. నీ దగ్గర డిపాజిట్ ఉందిగా. ఇదే అట్టడుగు. ఇక్కణ్ణుంచి తిరుగుతుంది."

కింద మిషను మోగుతోంది. ఆమె మెట్టు మీద కూర్చుంది.

"మీ ఆవిడకి తెలుసా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా దిగుతుందిరా. వేసినా పోతుంది. ఉన్నది తీసుకుని బయటికి రా."

"అది నీ లెక్క."

"నా లెక్క వదిలెయ్. లెక్క ఎవరిదైనా, మునిగేదాంట్లో ఇంకా పోయకూడదని నీకు నేనే చెప్పాను. నేనే పోస్తే ఎలా?"

"అక్కా. ఒక్కసారి."

"ఇవ్వను."

వాణ్ణి పెంచిన ఇన్నేళ్లలో ఆమె వాడికి కాదని చెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. వాడు దిగి వెళ్తుంటే చేతి పొడి మెట్ల రెయిలింగు మీద అంటుకుంది.

సాయంత్రం టీ తాగే వేళకు ధర జారింది. అలలక్క తెర ముందే ఉంది. ధర పడుతోందని చూపే ఎర్ర కడ్డీ కిందికి సాగుతుంటే, తన లెక్క చెప్పిన దారినే పోతుంటే, ఆమె లోపల చెప్పానా అన్నట్టు ఒక చిన్న తృప్తి మెరిసింది. రెప్పపాటు సేపే. ఆ వెంటనే తమ్ముడు గుర్తొచ్చాడు. వాడి డబ్బు చచ్చే చోటును ధర అప్పటికే దాటిపోయింది. ఆ రెప్పపాటును ఆమె తనకు తాను ఎన్నడూ మాఫీ చేసుకోలేదు.

ఫోన్ చేస్తే తీయలేదు. మరదలు తీసింది. "వదినా, ఈయన ల్యాబు నుంచి వచ్చి మంచం మీద అలా కూర్చుండిపోయారు. ఏమైందో మీకేమైనా తెలుసా?" "వాణ్ణే అడుగమ్మా" అంది ఆమె.

అంతటితో ఆగి ఉంటే పోయింది డబ్బే అయ్యేది. అక్క చెప్పింది, తమ్ముడు వినలేదు, దెబ్బ తిన్నాడు అని సరిపెట్టుకునేవాళ్లు. కానీ ధర ఆ మర్నాడే ఆగింది. వాడి రెండో లెక్క చావు గీత దాకా రానే లేదు, దానికి పైనే తిరిగింది. మెల్లగా లేచింది. తర్వాత వేగంగా లేచింది. నెల తిరిగేసరికి పాత శిఖరాన్ని దాటి, వాడు పెన్సిలుతో చూపించిన చోటికి, ఇంకా పైకి పోయింది.

అలలక్క లెక్క చచ్చింది. ఆ రోజు నోటు రాయడానికి కూర్చుంటే, దాన్ని బతికించే దారులు ఆమెకు నాలుగు కనబడ్డాయి. సి ఇంకా అయిపోలేదనచ్చు. ఇదంతా ఇంకా పెద్ద బి అనచ్చు. ఇరవై ఏళ్లు ఇదే పని చేసినవాళ్లు కూడా అదే చేస్తారు. అయిపోయిన చార్టు మీద అంకెలు వేయడం ఎవరికైనా సులువే, ఎప్పుడూ సరిపోతాయి. ఆమె అవేం రాయలేదు. "నా మొదటి లెక్క తప్పు. ధర ఫలానా చోటు దాటితే తప్పని ముందే రాశాను. దాటింది" అని రాసి పంపించేసింది.

ఆ నోటు తమ్ముడికీ వెళ్తుంది. మధ్యాహ్నానికి వాడి దగ్గర్నుంచి ఒకే మాట వచ్చింది. చదివాను.

ఆదివారం ఆమే వాళ్లింటికి వెళ్లింది. ల్యాబు కోసం చూసుకున్న గది వేరేవాళ్లకు పోయిందట. కొలిమి అడ్వాన్సు వెనక్కి రాదట. మరదలు ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది. అయినా వదినకు కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆ రోజు నువ్వు ఇచ్చుంటే" అన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆమె దగ్గర సమాధానాలు చాలానే ఉన్నాయి. ధర ఇంకో రెండు మెట్లు దిగి ఉంటే ఇద్దరి డబ్బులూ పోయేవని. తిరుగుతుందని ఆ మధ్యాహ్నం ఎవరికీ తెలియదని. ఫలితం మంచిదైనంత మాత్రాన పని మంచిదైపోదని, వాడి లెక్క నిలిచింది కానీ ఆ లెక్క మీద వాడు నిలబడిన తీరు వాణ్ణి ముంచిందని. అప్పు లేకుండా చిన్నది పెట్టుకుని ఉంటే ఆ పతనమంతా కూర్చుని చూడగలిగేవాడని. అన్నీ నిజాలే. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

"తిన్నాను" అన్నాడు వాడు. తినలేదని మరదలి ముఖం చెప్పింది.

కొన్నాళ్లకు వాళ్లు వేరే ఊరు వెళ్లిపోయారు. అక్కడ ఒక పెద్ద ల్యాబులో వాడికి పని దొరికిందట. సామాను ఎక్కించే రోజు చెబితే వస్తానని ఆమె అంది. ఎక్కించి వెళ్లిపోయాక చెప్పారు.

అలలక్క నోటు మారింది. దాటితే నా లెక్క తప్పు అన్న వాక్యం కింద ఉండేది కాస్తా అన్నిటికంటే పైకి వచ్చింది. ఏ ఎక్స్‌ఛేంజి చార్టు చూసి చెబుతోందో దాని పక్కనే ఉండేది. రెండు లెక్కలూ ఒకే సైజులో, పక్కపక్కన. ధర ఎక్కడిదాకా పోతుందనే జోస్యం తీసేసింది. ఎడిటరు గొణిగాడు. "రెండూ కావచ్చు అని రాస్తే జనం డబ్బెందుకు కడతారమ్మా?"

"ఒకటే అవుతుందని రాస్తే అంతా కడతారు సార్. తర్వాత వాళ్ల ఇళ్లలో వాళ్లు కట్టాల్సింది వేరే ఉంటుంది."

చందాలు తగ్గాయి. ఉన్నవాళ్లలో ఒకాయన ఫోన్ చేసి, మనసులో మీరు దేన్ని నమ్ముతున్నారో చెప్పండక్కా, ఎవరికీ చెప్పను అని బతిమాలాడు. "నేను దేన్ని నమ్ముతున్నానో మీకు ఉపయోగపడదండీ. రెండింట్లో ఏది పాడైనా మీ ఇల్లు నిలబడేలా పెట్టండి" అంది. ఆయనకు నచ్చలేదు. మరుసటి నెల మానేశాడు.

ఏడాది దాటాక ఆమె సెలవు పెట్టి తమ్ముడి ఊరు వెళ్లింది. ముందే చెబితే వద్దంటాడేమోనని చెప్పకుండా వెళ్లింది. ల్యాబు పెద్ద హాలు. వరసగా బల్లలు, ఒక్కో బల్లకీ ఒక దీపం. తమ్ముడు మూడో వరసలో తల వంచుకుని మైనం చెక్కుతున్నాడు. చెవుల పక్కన నెరిసింది. ఆమె వెనక నిలబడి కాసేపు ఆ వేళ్లనే చూసింది. వాటి నేర్పు ఎక్కడికీ పోలేదు.

తలెత్తి చూసి లేచాడు. బల్ల తుడిచి స్టూలు జరిపాడు.

"రండక్కా. కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. ఎప్పుడైనా అక్కా నువ్వు, అక్కా నీకు అన్నవాడే తప్ప, ఈ ముప్ఫై అయిదేళ్లలో వాడు ఆమెను మీరు అన్నది లేదు. పొరపాటున వచ్చిందేమో అనుకుంది. పొరపాటు కాదు. "ఎప్పుడు బయలుదేరారు, టీ తాగుతారా, మోకాలు నొప్పి ఎలా ఉంది మీకు" అని అన్నీ అడిగాడు, మర్యాదగా, ఏ లోటూ లేకుండా. టీ తెచ్చాడు. చేస్తున్న పన్ను చూపించాడు. చార్టుల మాట ఎత్తలేదు.

"అప్పుడు నేను…" అని మొదలుపెట్టింది ఆమె.

"మీదేం తప్పు లేదక్కా. మీ లెక్క మీరు చెప్పారు."

"నువ్వు అనరా నన్ను. ఈ మీరేంటి?"

వాడు చేతిలోని మైనం ముక్కను దీపానికి ఎత్తి చూశాడు. నిజంగా ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు.

"అలవాటు తప్పిందక్కా" అన్నాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్తే ఆ రాత్రికి ఉండిపొమ్మని మరదలు పట్టుపట్టింది, ఆమె ఉండలేకపోయింది. తమ్ముడు బస్సు దాకా వచ్చి సంచి ఎక్కించాడు, నీళ్ల సీసా కొనిచ్చాడు, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. మీరు జాగ్రత్త అన్నాడు. కిటికీ అద్దం పక్కకు లాగి వాడి చెయ్యి పట్టుకోవాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. అద్దం బిగుసుకుపోయి కదల్లేదు. లోపలివైపు నుంచి అరచేయి ఆనించింది. వాడు అప్పటికే డ్రైవరుతో ఏదో చెబుతున్నాడు, పెద్దావిడ, స్టాపు వచ్చినప్పుడు చెప్పమని కాబోలు.

ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేస్తుంది. వాడు తీస్తాడు. బాగున్నారా అంటాడు, ఆమె బాగున్నాను అంటుంది. కాసేపు వాడి ఊపిరి వినబడుతుంది. తర్వాత వాడు ఫోను మరదలికి ఇచ్చేస్తాడు.